వెలుతురు చూడలేకపోతున్నారా? ముందు కన్ను ఎర్రగా ఉందేమో చూసుకోండి

అపోహ: కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే అది కళ్లకలకే. మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంటే చాలు.

వాస్తవం: మామూలు కళ్లకలకలో పుసి కడుతుంది, పొద్దున రెప్పలు అంటుకుంటాయి, చూపు పెద్దగా తగ్గదు. నరసన్నపేటలో ముప్పై ఏళ్ల ఆటో డ్రైవర్ ఒకరున్నారనుకుందాం. మూడు రోజులుగా ఎడమ కన్నొక్కటే ఎరుపు. నీరు కారుతోంది గానీ పుసి లేదు. ఎరుపంతా నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఉంది. లోపల్నుంచి సలుపు, పేపరు చదివితే అక్షరాలు మసక. ఎడమ కన్ను మూసి, బాగున్న కుడి కంట్లోకి టార్చి వేస్తే నొప్పి ఎడమ కంట్లోనే పుడుతుంది. ఒక కంట్లో వెలుతురు పడితే రెండు పాపలూ ముడుచుకుంటాయి. వాచిన కనుపాప పొర కదిలినప్పుడల్లా నొప్పి పెడుతుంది. కంటి లోపలి పొర వాపును యువైటిస్ అంటారు, దాన్ని అనుమానించడానికి ఇది బలమైన గుర్తు. స్లిట్ ల్యాంప్ అనే కంటి డాక్టరు మైక్రోస్కోపు కింద నల్లగుడ్డు వెనకున్న నీటిలో తేలే కణాలు కనిపిస్తే అదేనని తేలుతుంది. వదిలేస్తే ఆ పొర వెనకున్న లెన్సుకి అతుక్కుంటుంది, కంటి ప్రెషర్ పెరగొచ్చు.

ఇలాంటి వాళ్లని నడుం గురించి కూడా అడగాలి. పొద్దున్నే అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడిచాక వదులుతోందంటే వెన్నెముక వాతం ఉందేమో చూడాలి, యువైటిస్ దానితో పాటు రావచ్చు.

అపోహ: యువైటిస్‌కి డాక్టరు ఇచ్చిన చుక్కలు వేశాక వెలుతురు ఇంకా భరించలేకపోతున్నాం, మందు పడలేదు.

వాస్తవం: స్టెరాయిడ్ చుక్కలతో పాటు పాపను పెద్దది చేసే మందు కూడా ఇస్తారు. పొర అతుక్కోకుండా ఉండటానికే అది. పాప పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడుతుంది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి. కొన్నాళ్లు నల్లద్దాలు పెట్టుకోండి, మందు మానకండి. స్టెరాయిడ్‌ని మొదట్లో గంటకోసారి వేయించి, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. ఎరుపు పోయిందని మధ్యలో ఆపేసినవాళ్లకే తరచుగా తిరగబెడుతుంది.

అపోహ: మైగ్రేన్ ఉన్నవాళ్లు ఇంట్లోనూ నల్లద్దాలు పెట్టుకోవాలి.

వాస్తవం: మైగ్రేన్‌లో సాధారణంగా కళ్లు తెల్లగానే ఉంటాయి. తలనొప్పి, వికారం ఉండి, కొన్ని గంటల్లోనో మూడు రోజుల్లోపో తగ్గుతుంది. నొప్పి ఉన్నంతసేపు చీకటి గది మంచిదే. రోజంతా నల్లద్దాలతో ఉంటే మాత్రం కన్ను చీకటికి అలవాటుపడి మామూలు వెలుతురూ ఎక్కువైపోతుంది.

వరి నూర్పుల్లో కంట్లో ఊక పడి, రెండో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే అది పుండు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్క అందులో పడితే, ముఖ్యంగా ఫంగస్ అయితే, కన్నే పోవచ్చు. చూపు తగ్గినా, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపించి వాంతులైనా, పసిబిడ్డ వెలుతురుకి కళ్లు మూసుకుంటూ నల్లగుడ్డు పెద్దగా కనిపించినా అదే రోజు కంటి డాక్టరు చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. జ్వరం, మెడ బిగుసుకోవడం కూడా ఉంటే కంటి డాక్టరు కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, మెదడు పొరల వాపు అయిన మెనింజైటిస్ కావచ్చు. ఎక్కడికెళ్లినా అప్పటిదాకా వేసిన చుక్కల సీసా వెంట తీసుకెళ్లండి.