కట్ట మీద ఆగే నొప్పి, మంచం మీద లేపే నొప్పి

మా పెద్దనాన్నది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర ఒక పల్లె. ఇంటి నుంచి పొగాకు బ్యారన్‌కు పోవాలంటే చెరువు కట్ట ఎక్కాలి. అన్నం తినగానే బయలుదేరితే, కట్ట సగం ఎక్కేసరికి ఆయనకు ఛాతీ మధ్యలో బండరాయి పెట్టినట్టు బరువుగా పట్టేసేది. తూము దగ్గర కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో వదిలేసేది. కాసేపాగి మెల్లగా నడిస్తే అసలు వచ్చేదే కాదు. రెండేళ్లుగా ఇదే తంతు. ఒంగోలులో చూపించుకున్నారు, మందులు వాడుతున్నారు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్లలు జేబులో ఉండేవి. ఇంట్లో ఎవరైనా భయపడితే "అది నాకు అలవాటే లేరా" అనేవారు.

ఆ అలవాటు నొప్పిని దాదాపు ఇవే మాటల్లో రాసిపెట్టిన వైద్యుడు లండన్‌లో విలియం హెబర్డెన్. 1768లో అక్కడి వైద్యుల సభలో చదివారు, 1772లో అచ్చయింది. నడుస్తుంటే, అందులోనూ ఎత్తు ఎక్కుతుంటే, ముఖ్యంగా తిన్న వెంటనే ఛాతీలో పట్టేస్తుంది, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది, కానీ నిలబడగానే పోతుంది అన్నారు. దానికి ఆయన పెట్టిన పేరు ఆంజైనా పెక్టోరిస్, అంటే ఛాతీని నొక్కి పట్టేయడం. మన డాక్టర్లు ఆంజైనా అనేది దీన్నే.

నన్ను ఎక్కువగా ఆపేది ఆ వ్యాసంలో తర్వాతి భాగం. కొన్ని నెలలు గడిచాక, నడక ఆపి నిలబడినా ఆ నొప్పి వెంటనే తగ్గదనీ, పడుకున్నప్పుడు కూడా వచ్చి మనిషిని మంచం మీంచి లేపుతుందనీ, కొందరికి మింగినా, దగ్గినా, మాట్లాడినా వస్తుందనీ హెబర్డెన్ రాశారు. అంటే మనం ఇప్పుడు ఆగితే పోయేదాన్ని స్టేబుల్, ఊరికే ఉన్నా వచ్చేదాన్ని అన్‌స్టేబుల్ అని విడదీసే రెండింటినీ ఆయన అప్పుడే చూశారు. కారణం మాత్రం తెలియలేదు.

కారణం అర్థం కావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ కట్టినా మనిషి బతికి ఉండొచ్చని, దాన్ని బతికుండగానే గుర్తించొచ్చని అమెరికాలో జేమ్స్ హెరిక్ 1912లో రాసేదాకా గుండెపోటు అంటే చావే అనుకునేవారు. ఆ తర్వాత గుండెపోటుకు ముందు రోజుల్లో వచ్చే నొప్పి మీద చూపు పడింది. 'అన్‌స్టేబుల్ ఆంజైనా' అనే మాట 1970ల్లో నిలబడింది. గడ్డ ఎలా పుడుతుందో 1980ల్లో శవపరీక్షలు, యాంజియోగ్రాములు చూపించాయి.

కాలువ సంగతి తెలిసినవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. కాలువలో పూడిక చేరిందనుకోండి. మామూలు రోజుల్లో పారే నీళ్లు చాలుతాయి, అన్ని మడులకూ ఒకేసారి పెట్టాలంటే చాలవు. స్టేబుల్ ఆంజైనా ఇంతే. నాళం ఏళ్ల తరబడి సన్నబడింది, కూర్చుంటే రక్తం చాలుతుంది, కట్ట ఎక్కితే చాలదు. అందుకే అది ఎప్పుడూ ఒకే చోట వస్తుంది, ఆగితే పోతుంది. అన్‌స్టేబుల్‌లో జరిగేది వేరు. నాళం గోడలోని కొవ్వు దిబ్బ పైపొర చిట్లుతుంది, ఆ చిట్లిన చోట రక్తం గడ్డ కడుతుంది. కాలువకు అడ్డంగా కొమ్మ విరిగి పడ్డట్టు. మనిషి ఏ పనీ చెయ్యకపోయినా రక్తం తగ్గిపోతుంది. ఆ గడ్డ కాస్త కరిగితే నొప్పి తగ్గుతుంది, పెరిగితే మళ్లీ వస్తుంది, పూర్తిగా మూసుకుంటే గుండెపోటు.

అందువల్ల ఇంట్లో చూడాల్సింది నొప్పి ఎంత గట్టిగా ఉందన్నది కాదు, అది తన అలవాటు మార్చుకుందా అన్నది. అమెరికా వైద్యుడు యూజిన్ బ్రాన్‌వాల్డ్ 1989లో అన్‌స్టేబుల్ ఆంజైనాను తరగతులుగా విడగొట్టినప్పుడు అడిగినవీ ఈ ప్రశ్నలే. గత రెండు నెలల్లో కొత్తగా మొదలై తీవ్రంగా ఉందా, లేదా ఉన్నదే తరచుగా, తక్కువ పనికే వస్తోందా? ఊరికే కూర్చున్నప్పుడు వచ్చిందా? వస్తే, గత 48 గంటల్లోనా? చివరిదే అన్నిటికన్నా ప్రమాదం.

పెద్దనాన్న విషయంలో ఆ మార్పు ఒక ఫిబ్రవరి వారంలో జరిగింది. సోమవారం కట్ట మొదట్లోనే నొప్పి వచ్చింది, సగం దాకా పోలేదు. బుధవారం స్నానానికి నీళ్లు తోడుకుంటుంటే వచ్చింది, పది నిమిషాలు ఉంది. గురువారం రెండుసార్లు. శుక్రవారం తెల్లవారుజామున మూడు గంటలకు నిద్రలోంచి లేపింది. చెమటలు పట్టి బనియను తడిసిపోయింది, ఎడమ దవడ లాగింది. ఒక సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకుంటే తగ్గినట్టే తగ్గి అరగంటకు మళ్లీ వచ్చింది. రాత్రి తిన్న వేరుశనగ పచ్చడి వల్ల గ్యాస్ పట్టిందనుకున్నారు అందరూ. తెల్లారాక దగ్గర్లో ఒక చోట గ్యాస్ ఇంజక్షన్ చేశారు, ఈసీజీ బాగుందని ఇంటికి పంపేశారు.

సోమవారమే మేం కదలాల్సింది. ఒక్కొక్క రోజూ నొప్పి తక్కువ పనికే, ఎక్కువసేపు వస్తోంది. మేం ఒక్కో నొప్పినీ విడిగా చూశాం, వరుసగా పెట్టి చూడలేదు.

ఈసీజీ గురించి ఒక మాట. నొప్పి లేనప్పుడు తీస్తే అది మామూలుగానే రావచ్చు. గుండె కండరం దెబ్బతిన్నదో లేదో ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చెబుతుంది, అదీ కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చెయ్యాలి. పెరిగితే అది గుండెపోటే, పెరగకపోతే అన్‌స్టేబుల్ ఆంజైనా కావచ్చు. ఈ తేడా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. రెంటికీ చెయ్యాల్సింది ఒకటే, ఆసుపత్రికి పోవడం. గ్యాస్ మందుకు తగ్గిందనో, సార్బిట్రేట్‌కు తగ్గిందనో నొప్పి ఎక్కడిదో తేల్చుకోలేం.

నొప్పి వస్తే నిలబడకుండా కూర్చోవాలి, ఎందుకంటే సార్బిట్రేట్‌తో బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఒక బిళ్ల నాలుక కింద పెట్టుకుని గడియారం చూడాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, 108కి ఫోన్ చెయ్యాలి. ఊరికే ఉన్నప్పుడు వచ్చిన నొప్పికి ఆ ఐదు నిమిషాలూ ఆగక్కర్లేదు. అలర్జీ, కడుపులో పుండు, రక్తస్రావం లాంటివి లేనివాళ్లు ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగాలి, నీళ్లతో మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది. అన్‌స్టేబుల్ ఆంజైనా ఉన్నవాళ్లలో ఆస్పిరిన్ వల్ల గుండెపోట్లు, చావులు దాదాపు సగం తగ్గాయని 1983లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. లైంగిక సామర్థ్యం కోసం సిల్డినాఫిల్ లాంటి బిళ్ల వేసుకున్నవాళ్లు సార్బిట్రేట్ ముట్టకూడదు, ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఇక షుగరు ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పే ఉండకపోవచ్చు. ఆయాసం, చెమట, ఒంట్లో సత్తువ లేకపోవడమే కనబడొచ్చు. వాళ్ల విషయంలోనూ చూడాల్సింది అదే, నిన్న నడిచినంత దూరం ఈరోజు నడవగలిగారా అని.

పెద్దనాన్నను శనివారం సాయంత్రం ఒంగోలు తీసుకెళ్లాం. రెండో ట్రోపోనిన్ పెరిగింది. యాంజియోగ్రాములో ఒక నాళం దాదాపు మూసుకుపోయి కనిపించింది, స్టెంటు వేశారు.

ఇప్పుడు పెద్దమ్మ వంటింటి గోడ మీద క్యాలెండర్లో గుర్తులు పెడుతోంది. నొప్పి వచ్చిన రోజు చుట్టూ గీత, పక్కన ఎక్కడ వచ్చింది, ఎన్ని నిమిషాలుంది. డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు ఆ కాగితం చించి తీసుకెళ్తారు. పోయిన నెల రెండు గీతలున్నాయి. రెండూ కట్ట మీదే, రెండూ మూడు నిమిషాలే.