గొంతు పెంచితేనే క్లాసు వింటుందా?

నల్లగొండ అయినా నాగర్‌కర్నూల్ అయినా స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఒకటే మాట: "మెల్లగ చెప్తే మన పిలగాళ్లు వినరు సార్, గట్టిగ ఒర్రితేనే గమ్మునుంటరు." డీఎస్సీలో కొత్తగా వచ్చినవాళ్లు ఇది నమ్మి మొదటి నెలలోనే గొంతు పోగొట్టుకుంటున్నారు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: అరిస్తేనే అదుపు.

అరవగానే క్లాసు నిశ్శబ్దమవుతుంది, నిజమే. మోసమంతా అక్కడే ఉంది. రెండు నిమిషాల ఆ నిశ్శబ్దం అరిచినందుకు మనకు దక్కే బహుమానం, అందుకే రేపూ అరుస్తాం. పిల్లలకు ఆ గొంతు అలవాటైపోతుంది, ఎల్లుండికి ఇంకాస్త పెంచాల్సి వస్తుంది. పైగా నలభై మంది ముందు పేరు పెట్టి అరిస్తే ఎనిమిదో తరగతి పిలగాడికి అది లెక్కల విషయం కాదు, ఇజ్జత్ విషయం. తగ్గితే దోస్తుల ముందు చులకన, కాబట్టి ఎదురు మాట్లాడతాడు. 1970లో అమెరికాలో ఒలియరీ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు తరగతి గదుల్లోనే దీన్ని పరీక్షించి చూశారు. అందరికీ వినబడేలా మందలించినప్పటికంటే, ఆ పిల్లాడికి మాత్రమే వినబడేలా చెప్పినప్పుడు చాలామందిలో అల్లరి తగ్గింది.

లంచ్ అయ్యాక ఐదో పీరియడ్ అనుకోండి. బోర్డు మీద సమీకరణం రాస్తుంటే వెనక బెంచీ మీద స్కేలుతో డప్పు మొదలైంది. "ఎవర్రా అది?" అన్నారు. "నేనేం జేసిన సార్?" అన్నాడు, క్లాసంతా నవ్వింది. ఈపాటికి మీ దవడ బిగుసుకుని, మాట వేగం పెరిగి ఉంటుంది. గొంతు లేవబోతోందనడానికి అదే గుర్తు. చాక్‌పీసు కింద పెట్టండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఇలా రెండుసార్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. ఇరవై సెకన్లు చాలు. క్లాసుకు ఇది మీరు ఆలోచిస్తున్నట్టే కనిపిస్తుంది.

తర్వాత ముందు బెంచీలకు "మూడో లెక్క మొదలుపెట్టండి" అని పని చెప్పండి. ఇది మరిచిపోతే నలభై జతల కళ్లు మీ వెంటే నడిచొస్తాయి. పిల్లాడికి ఎదురుగా కాక పక్కన, చేయి చాచినంత దూరంలో కాస్త వంగి, తక్కువ గొంతుతో నాలుగైదు మాటలే చెప్పండి: "స్కేలు లోపల పెట్టు. మూడో లెక్క." చెప్పగానే మరలిపోవాలి. అక్కడే నిలబడి గుడ్లురిమి చూస్తే మళ్లీ పంతం మొదలవుతుంది. పది సెకన్లు ఇస్తే చాలామంది గొణుగుతూనే పెట్టేస్తారు. ఆ గొణుగుడు విననట్టే ఉండండి. పెట్టకపోతే రెండో మాట: "ఇప్పుడు చేస్తవా, ఇంటర్వెల్‌ల నా దగ్గర కూసోని చేస్తవా?" జవాబు కోసం నిలబడొద్దు. ఇంటర్వెల్‌లో మాత్రం తప్పకుండా కూర్చోబెట్టాలి. ఇక్కడ వదిలేస్తే రేపటి నుంచి మీ మెల్లని మాటకు విలువుండదు.

ఎక్కడ చెడుతుందంటే, గొంతు తగ్గించి వెటకారం పెంచినప్పుడు. "అయ్యగారికి లెక్కలొచ్చా?" అని ఎంత మెల్లగా అన్నా అది దెబ్బే. ఉపన్యాసం రెండోది. మూడో వాక్యం దాటితే అది పిల్లాడికి కాదు, మన కోపానికి చెప్పుకుంటున్నట్టు.

అపోహ: శాంతంగా ఉండడమంటే కోపాన్ని మింగడం.

కాదు. పళ్లు బిగించి కోపం దాచుకుంటే ముఖం మామూలుగానే ఉన్నా లోపల ఒంటి ఉద్రేకం పెరుగుతుంది. మనసులోది ముఖంలో కనబడనీయకుండా దాచుకుంటే ఒంట్లో ఏమవుతుందని జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త 1990ల్లో చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే. మింగిన కోపం నాలుగో పీరియడ్‌లోదైతే ఏడో పీరియడ్‌లో, ఏ పాపం ఎరగని పిల్ల మీద బయటపడుతుంది. మార్చుకోవాల్సింది ముఖం కాదు, మనం తీసుకునే అర్థం. "నన్ను అవమానిస్తున్నాడు" అనే చోట "ఈ లెక్క రాక దాచుకుంటున్నాడేమో" అనుకుని చూడండి. నోటుబుక్కు తెరిస్తే చాలాసార్లు మొదటి రెండు లెక్కలు ఖాళీగా ఉంటాయి. అమ్మానాన్నలు పనికి పుణె, బొంబాయి పోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలు పాలమూరు బడుల్లో కొత్త కాదు. అది అల్లరికి సాకు కాదు గానీ, ఇంట్లో సంతకం తెమ్మనే ముందు తెలిసుండాలి.

మిగతావి గబగబా. కొడితేనే భయం అనేవాళ్లకు: విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. మెల్లగా మాట్లాడేది లేడీ టీచర్లకే అనేది ఉత్త పుకారు. ఇక పిల్లలు కొట్టుకుంటున్నప్పుడు, కుర్చీ లేపినప్పుడు మెల్లని గొంతు పనికిరాదు. "ఆగు!" అని ఒక్క మాట గట్టిగా అని, మిగతా పిల్లలను దూరం జరపండి. ముందు బెంచీకి మార్చాక కూడా పిలిస్తే పలకని పిల్లాడికి చెవులు పరీక్ష చేయించాలి. మీ గొంతులో లోపమేమీ ఉండకపోవచ్చు.

కోపంతో చేయి వణికి, తర్వాత రాత్రంతా నిద్రపట్టని టీచర్లూ ఉంటారు. రేపు బడికి పోగానే ఆ పిల్లాడి దగ్గరికి వెళ్లి, ఎవరూ వినకుండా "నిన్న గట్టిగ అన్న, అట్ల అనొద్దుండె" అంటే సరిపోతుంది. దాని వెంట "కానీ నువ్వు..." అని మాత్రం అనకండి.