ఏడిపిస్తేనే చందాలొస్తాయా? విరాళాల వీడియో స్క్రిప్ట్: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఉంటూ చిన్న చిన్న ట్రస్టులకు విరాళాల వీడియోలు రాసి, తీసి పెడుతుంటాను. "చూసినవాళ్ల గుండె కరిగిపోవాలి సార్" అని ప్రతి ట్రస్టువాళ్లూ అడుగుతారు. నేనూ ఒకప్పుడు అదే నమ్మేవాణ్ణి. కోసిగి, పెద్దకడుబూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాల పిల్లల కోసం చేసిన ఒక వీడియోతో ఆ నమ్మకం పోయింది. అందుకే ఈ పోస్టంతా ఆ ఒక్క వీడియో గురించే.

సుగ్గి తెలియనివాళ్లకు రెండు మాటలు. ఇక్కడ పంట చేతికి రాకపోయినా, వచ్చినా పనుల్లేకపోయినా, మా పడమటి మండలాల జనం ఇంటికి తాళమేసి గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి పోతారు. చాలామంది మళ్లీ ఉగాదికే ఊరు చేరేది. పిల్లలూ వెంట పోతే ఆ మూడు నెలల చదువు పోయినట్టే. మేము వీడియో చేసిన ట్రస్టు అలాంటి 40 మంది పిల్లలను ఊళ్లోనే ఉంచి, రాత్రి భోజనం, పొద్దున టిఫిను పెట్టి, ఒక ఆయమ్మను తోడు పడుకోబెడుతుంది. మధ్యాహ్నం ఎలాగూ బడిలో భోజనం ఉంటుంది.

అపోహ: కన్నీళ్లు లేకపోతే డబ్బు రాదు

నా మొదటి స్క్రిప్ట్ ఇలా మొదలైంది: "మీరు మీ పిల్లలకు గోరుముద్దలు తినిపిస్తున్న ఈ సమయంలో, ఒక పసిపాప తాళం వేసిన తలుపు ముందు ఆకలితో కూర్చుంది..." వెనకాల వయొలిన్. రాసినప్పుడు నాకే కళ్లు చెమర్చాయి, గొప్పగా వచ్చిందనుకున్నా. ఎడిటింగ్ అయ్యాక, అప్పటికింకా ఊళ్లోనే ఉన్న ఆ పాప తండ్రికి ఫోన్‌లో చూపించాం. ఆయన చివరిదాకా చూసి, "మేము బిడ్డను వదిలేసి పోయినట్టు చూపించినారు కదా సార్" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. ఆ వీడియో బయటికి పోలేదు.

వాస్తవం ఏమిటంటే దుఃఖం వేరు, అపరాధ భావం వేరు. బిడ్డ ఒంటరిగా ఉందన్నది నిజం, దాన్ని దాచక్కర్లేదు, అది చూసి ఎవరికైనా బాధ కలిగితే కలగనీ. కానీ "నువ్వు తింటున్నావు, ఆమె తినడం లేదు" అనగానే కథ పాపను వదిలి చూసేవాడి మీదికి వస్తుంది. నేను చేసిన తప్పేంటి అని అతని మనసు వాదనకు దిగుతుంది, వాదనకు దిగినవాడు జేబులో చెయ్యి పెట్టడు, వేలితో వీడియోను పైకి తోసేస్తాడు. ఒకవేళ ఇచ్చినా ఆ భారం దించుకోవడానికే ఇస్తాడు కాబట్టి రెండోసారి మన వీడియో కనిపిస్తే ముందే తప్పుకుంటాడు.

స్క్రిప్ట్‌లో ఇలాంటి నింద ఉందో లేదో చూసుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా మోటుది. స్క్రిప్ట్ ప్రింట్ తీసి "మీరు", "మీ", "మనం" అన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఆ వాక్యంలో చూసేవాడు ఏం చేస్తున్నాడో చూస్తాను. తింటున్నాడు, ఏసీలో పడుకున్నాడు, పట్టించుకోలేదు అని ఉంటే కొట్టేస్తాను. ఇస్తున్నాడు, అడుగుతున్నాడు, చూస్తున్నాడు అని ఉంటే ఉంచుతాను. ఆ తర్వాత "కనీసం" కోసం వెతుకుతాను. మన తెలుగులో సగం నింద ఆ ఒక్క మాటలో దాక్కుని ఉంటుంది: "కనీసం వంద రూపాయలైనా", "కనీసం షేర్ అయినా చేయండి". "మనసున్న మారాజులు" కూడా అంతే, ఇవ్వనివాడికి మనసు లేదని తేల్చేసినట్టు. "రోజూ తాగే ఒక్క టీ డబ్బు" అనేది కూడా నాకు పడదు, అది లెక్కలాగా కనిపిస్తుంది కానీ నిజానికి అవతలివాడి టీ మీద దెప్పిపొడుపు.

అపోహ: అయితే నవ్వులు చూపిస్తే సరి

ఈ పొరపాటూ నేనే చేశాను. రెండో వెర్షన్‌లో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు, సంగటి ముద్దలు పంచుతున్నారు, అంతా కళకళ. మా బావమరిదికి చూపిస్తే "బాగుంది బావా, అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం కావాలంట?" అన్నాడు. నిజమే. ఏం కొరత ఉందో ఎక్కడా చెప్పలేదు. నింద తీసేసే కంగారులో అవసరాన్నీ తీసేశా. ఆదోని నుంచి వచ్చే బస్సులో కూర్చుని మూడోది రాశా, అదే నిలబడింది.

అపోహ: సంఖ్య ఎంత పెద్దదైతే అంత బరువు

ట్రస్టువాళ్లు మండలాలవారీగా ఎంతమంది వలస పోయారో పట్టిక ఇచ్చి, వీడియో మొదట్లో పెట్టమన్నారు. దీని మీద 2007లో అమెరికాలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక సర్వేకు కూలీగా 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆకలి సాయానికి ఎంతిస్తారని అడిగారు. లక్షల మంది లెక్కలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప గురించి మాత్రమే చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది మూడోది: పాప కథకు ఆ లెక్కలూ జోడించి ఇస్తే 1.43కు పడిపోయింది. అంటే లెక్కలు కథకు బలం ఇవ్వలేదు, ఉన్న బలాన్ని తగ్గించాయి. అందుకని మండలాల పట్టిక వీడియో కింద రాతలోకి పోయింది, తెర మీద ఒక్క పాపే మిగిలింది.

ఒక్క పాపను చూపించమంటే ఆమెను నిస్సహాయంగా చూపించమని కాదు. ఆ పాప అంతకుముందు ఏడాది సుగ్గికి పోయి వచ్చింది, ఈసారి తనే పోనని పట్టుబట్టింది. ఆ పట్టుదలే కథ. దాతలు ఆమెను కాపాడేవాళ్లు కారు, ఆమె మొదలుపెట్టిన పనికి తోడు వచ్చేవాళ్లు.

90 సెకన్ల వీడియోకు నేను 150, 160 మాటలు దాటనివ్వను, దాటితే చదివేవాళ్లు పరిగెత్తాల్సి వస్తుంది. చివరికి నిలిచిన స్క్రిప్ట్‌లో ముఖ్యమైన ముక్కలు ఇవి.

(మెడలో దారానికి వేలాడే తాళం చెవి, పాప గొంతు) "ఇది మా ఇంటి తాళం చెవి. ఉగాది దాకా నా దగ్గరే ఉంటుంది."

(నోటు పుస్తకం, రాసే చెయ్యి) "అమ్మానాయన సుగ్గికి పోయినారు. పోయినేడు నేనూ పోయినా. వచ్చేసరికి క్లాసులో భిన్నాలు అయిపోయినాయి. ఈసారి నేను రానని చెప్పినా. మా నాయన సరే అన్నాడు."

(వంటగది, ట్రస్టు అక్క) "ఇలాంటి పిల్లలు ఇక్కడ 40 మంది. ఒక్కరికి రోజుకు 60 రూపాయలు ఖర్చు, 90 రోజులకు 5,400. 26 మందికి సమకూరింది. ఇంకా 14 మందికి కావాలి."

(తెర మీద క్యూఆర్ కోడ్, కింద యూపీఐ ఐడీ) "ఒక వారానికి 420, ఒక నెలకు 1,800, మూడు నెలలకు 5,400. మీకు వీలైంది ఇవ్వొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. 14 మందికీ సరిపోయాక వచ్చేది వచ్చే ఏడాది సుగ్గికి దాచుతాం."

(మళ్లీ తాళం చెవి) "ఉగాదికి అమ్మ వస్తుంది. తలుపు నేనే తీస్తా."

నాన్నను "సరే అన్నాడు" అనిపించడం చూశారా? ఆ రెండు మాటల కోసమే మొత్తం తిరగరాశా. ఇప్పుడాయన బిడ్డను వదిలేసినవాడు కాదు, చదువుకోమని ఒప్పుకున్నవాడు.

అపోహ: నోరు తెరిచి డబ్బు అడిగితే మర్యాద పోతుంది

దెప్పిపొడవకూడదంటే అడగనేకూడదు అనుకునేవాళ్లు చాలామంది, "మీ ఆశీస్సులు కావాలి" అని ముగించేస్తారు. ఆశీస్సులు బాగానే వస్తాయి. ఎంత కావాలో, దాంతో ఏమొస్తుందో, ఇంకా ఎంత తక్కువ ఉందో చెప్పకపోతే చూసేవాడికి ఊహించుకునే పని పడుతుంది, ఊహించుకోలేనిది మానేస్తాడు. 26 మందికి సమకూరిందని చెప్పడానికి ట్రస్టువాళ్లు భయపడ్డారు, అవసరం చిన్నదైపోతుందేమోనని. కానీ 14 మందికి 75,600 రూపాయలు అంటే అందే దూరంలో ఉన్న పని. అడుగు లేని బావిలో రాయి వేయడానికి ఎవరు ముందుకొస్తారు?

"మీ ఇష్టం" అన్న వాక్యం తీసేయమని కూడా గొడవ పడ్డారు. ఫ్రాన్స్‌లో నికొలా గెగెన్, అలెగ్జాండర్ పాస్కల్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో, దారిన పోయేవాళ్లను బస్సు చిల్లర అడిగితే నూటికి 10 మంది ఇచ్చారు. "ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం" అని చేర్చి అడిగితే 47.5 శాతం ఇచ్చారు. అది ఎదురుగా నిలబడి అడిగిన సందర్భం, వీడియోలో అంత తేడా ఆశించొద్దు. అయితే ఆ మాట అనేటప్పుడు గొంతు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. మొదటి టేక్‌లో ట్రస్టు అక్క నిట్టూర్చి మరీ అనింది, "మీ ఇష్టం" కాస్తా "మీ ఖర్మ" అన్నట్టు వినిపించింది. నాలుగో టేక్‌కు కుదిరింది.

అపోహ: తల్లిదండ్రుల సంతకం ఉంటే ఏదైనా చూపించొచ్చు

సంతకం కావాల్సిందే, కానీ అది సరిపోదు. కాస్త ఆలోచించండి: ఆడపిల్ల ముఖం, ఊరి పేరు, ఇంటికి తాళం, ఉగాది దాకా అమ్మానాన్న ఉండరు అన్న సమాచారం. ఇవన్నీ ఒకే వీడియోలో పెడితే అది విరాళాల వీడియో కాదు, దొంగలకూ అంతకన్నా చెడ్డవాళ్లకూ ఇచ్చిన చిరునామా. అందుకే మేము చేతులు, మెడలో తాళం చెవి, గొంతు మాత్రమే వాడాం. ఊరి పేరు లేదు, బడి బోర్డు ఫ్రేములో పడకుండా చూసుకున్నాం, యూనిఫామ్ మీద బ్యాడ్జీ తీయించాం. ముఖం లేకపోతే ఎవరూ కదలరని అన్నారు గానీ, ఆ తాళం చెవిని ముఖం కన్నా ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారని ఫోన్లు చేసినవాళ్ల మాటల్ని బట్టి నాకు అర్థమైంది. "తాళం చెవి పాపకు" అని రాసి డబ్బు పంపినవాళ్లున్నారు.

సంగీతం గురించి కూడా అడుగుతారు. వయొలిన్ తీసేసి వంటగది శబ్దం, పిల్లల ఎక్కాలు అలాగే ఉంచాను, అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఉగాది తర్వాత డబ్బు ఇచ్చినవాళ్లందరికీ ఇంకో 20 సెకన్ల వీడియో పంపాం. ఇది అడిగే వీడియో కాదు, ఏం జరిగిందో చెప్పే వీడియో, ఇందులో క్యూఆర్ కోడ్ ఉండకూడదని పట్టుబట్టా. పాప తాళం తీసే షాట్ అనుకున్నాం. తీరా చూస్తే మూడు నెలలు కదలని తాళం తుప్పు పట్టి మొరాయించింది. వాళ్లమ్మ పక్కింటి నుంచి శెనక్కాయ నూనె తెచ్చి పోసింది, అయినా పది నిమిషాలు పట్టింది. ఎడిటింగ్‌లో ఆ తంటా మొత్తం తీసేయబోయి, తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్విన ముక్క మాత్రం ఉంచేశా.