60.7 నానోసెకన్లు, రెండు ప్లస్-మైనస్‌లు

2011 సెప్టెంబరులో, న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల వేగాన్ని కొలిచిన ఓపెరా ప్రయోగ బృందం ప్రకటించిన ఫలితం ఇది: 60.7 ± 6.9 (గణాంక) ± 7.4 (సిస్టమాటిక్) నానోసెకన్లు. జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్ నుంచి బయల్దేరిన న్యూట్రినోలు భూమి లోపలుగా సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించి, ఇటలీలోని గ్రాన్ సాస్సో భూగర్భ ప్రయోగశాలకు కాంతి కన్నా 60.7 నానోసెకన్లు ముందుగా చేరాయని దాని అర్థం. ఇలా ప్లస్-మైనస్‌లతో కొలతలోని అనిశ్చితిని చూపే ఎర్రర్ బార్లు చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ముందు మొదటి ప్లస్-మైనస్ చూద్దాం. సెర్న్‌లో ప్రోటాన్లు 10.5 మైక్రోసెకన్ల పొడవున్న గుంపుగా వెలువడేవి. ఒక న్యూట్రినో ఆ గుంపులోని ఏ ప్రోటాన్ నుంచి పుట్టిందో తెలియదు. అందుకే 16,111 న్యూట్రినోల రాక సమయాలన్నిటినీ కలిపి, ఆ ఆకారాన్ని ప్రోటాన్ గుంపుల ఆకారంతో సరిపోల్చారు. అలా సరిపోల్చడంలో మిగిలే ఊగిసలాటే 6.9. ఇది డేటా పెరిగితే తగ్గుతుంది, కాని దాన్ని సగం చేయాలంటే నాలుగు రెట్లు న్యూట్రినోలు కావాలి. సాధారణంగా ఇలాంటి బార్ విలువకు అటూ ఇటూ ఒక్కో సిగ్మా, అంటే ఒక ప్రామాణిక విచలనం, దూరం ఉంటుంది, కాబట్టి అసలు విలువ దాని లోపల పడే అవకాశం 68 శాతం. గ్రాఫులో మూడింట ఒక వంతు బిందువుల బార్లు సిద్ధాంతం చెప్పే గీతను తాకకపోవడం మామూలే. అన్నీ తాకుతుంటే బార్లను ఎక్కువ పెద్దవిగా అంచనా వేశారేమోనని అనుమానించాలి.

రెండో సంఖ్య, 7.4, పరికరాల్లోనూ పద్ధతిలోనూ ఉన్న అనిశ్చితి, ఎంత డేటా పోగేసినా దానంతటది తగ్గదు. అది ఎలా వచ్చిందో పేపరులోని పట్టిక చెబుతుంది. ప్రోటాన్ ప్రవాహాన్ని కొలిచే పరికరపు క్యాలిబ్రేషన్‌కు 5 నానోసెకన్లు, డిటెక్టర్ సమయపు సిమ్యులేషన్‌కు 3, డిటెక్టర్ స్పందనకు 2.3, ఆపైన చిన్నచిన్నవి. ఒక్కోదాన్నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే 7.4 వస్తుంది. మొదటి అంశం ఒక్కటే మొత్తం వర్గంలో దాదాపు సగం. కాబట్టి పట్టికలో ముందు చూడవలసింది పెద్ద అంకెనే. చిన్నవాటిని ఎంత మెరుగుపరచినా మొత్తం పెద్దగా కదలదు. ఇలా వర్గాలతో కూడడం ఆ అంశాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే చెల్లుతుంది.

రెండు సంఖ్యలనూ అదే పద్ధతిలో కలిపితే సుమారు 10.1. 60.7ను దానితో భాగిస్తే ఆరు సిగ్మా. యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడం దాదాపు అసాధ్యం. అయితే ఆ మాటలో ఒక షరతు దాగి ఉంది: పట్టికలో రాసినవి తప్ప వేరే దోషాలు లేవు, రాసినవాటి పరిమాణమూ సరైనదే.

పోయింది ఆ షరతు దగ్గరే. జీపీఎస్ సమయాన్ని పైనుంచి భూగర్భంలోని ప్రధాన గడియారానికి చేర్చే 8.3 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ ఉంది. పట్టికలో దాని వాటా 1 నానోసెకను మాత్రమే. కాని ఫైబర్ చివరి కనెక్టర్ పూర్తిగా బిగించి లేదు. అందువల్ల తక్కువ కాంతి అందింది, గ్రాహక సర్క్యూట్ ఆలస్యంగా స్పందించింది, సుమారు 73 నానోసెకన్లు తేడా వచ్చింది. కాల సంకేతం ఆలస్యమైతే గడియారం వెనకబడుతుంది. వెనకబడిన గడియారం ప్రతి న్యూట్రినో ముందే వచ్చినట్టు నమోదు చేస్తుంది. గడియారపు వేగంలో ఉన్న మరో లోపం సుమారు 15 నానోసెకన్లు వ్యతిరేక దిశలో లాగింది. ఆ 1 నానోసెకను, ఫైబర్‌ను కొలిచిననాటి స్థితిలో కొలత ఎంత ఖచ్చితమో చెప్పే అంకె. తర్వాత ఆ స్థితి మారిందో లేదో అది చెప్పదు. అందుకే క్యాలిబ్రేషన్ అంకెతో పాటు ఎప్పుడు కొలిచారో, డేటా సేకరణ కాలంలో మళ్లీ కొలిచారో లేదో కూడా చూడాలి.

అదే సంవత్సరం చివర్లో 3 నానోసెకన్ల పొట్టి గుంపులతో మళ్లీ ప్రయోగం చేశారు. ఇరవై న్యూట్రినోలకే 62.1 ± 3.7 వచ్చింది. పైకి ఇది స్వతంత్ర ధ్రువీకరణలా కనిపిస్తుంది. నిజానికి ఇది పరీక్షించింది ప్రోటాన్ల ఆకారంతో సరిపోల్చే పద్ధతినే. ఫైబర్ అదే, గడియారం అదే కాబట్టి 73 నానోసెకన్ల దోషం రెండు ఫలితాల్లోనూ ఉండిపోయింది. పగలు-రాత్రి, రుతువుల వారీగా డేటాను విడదీసి పోల్చినా స్థిరమైన దోషం బయటపడదు, అన్ని భాగాల్లోనూ అది సమానంగా ఉంటుంది గనుక.

ఆ దోషాన్ని నిర్ధారించడానికి వేరే గడియారం కావలసి వచ్చింది. అదే ప్రయోగశాలలోని ఎల్‌వీడీ డిటెక్టర్‌నూ, ఓపెరానూ రెంటినీ దాటివెళ్లిన మ్యూయాన్ల, అంటే అంతరిక్ష కిరణాల వల్ల పుట్టే కణాల, సమయాలను పోల్చినప్పుడు, 2008 మధ్య నుంచి 2011 చివరి దాకా రెండు గడియారాల మధ్య సుమారు 73 నానోసెకన్ల తేడా కనిపించింది. సరిదిద్దాక ఓపెరా ఫలితం 6.5 ± 7.4 (గణాంక), సిస్టమాటిక్ +8.3, −8.0. సున్నా ఈ బార్ల లోపలే ఉంది.