ఇంటి ఎరువు కుండీలో కరగని మొక్కజొన్న చెంచా

‘కంపోస్టబుల్’ అని ముద్రించి అమ్మే తెల్లని గట్టి చెంచాల్లో చాలావాటిని పాలిలాక్టిక్ ఆమ్లం, క్లుప్తంగా పీఎల్‌ఏ, అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. మొక్కజొన్న లేదా చెరకు చక్కెరలను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీసి, దాని అణువులను పొడవాటి గొలుసులుగా కలిపితే పీఎల్‌ఏ తయారవుతుంది. పుట్టుక మొక్క నుంచే అయినా, అంత పొడవైన గొలుసులను ఎరువు కుప్పలోని సూక్ష్మజీవులు సులువుగా తినలేవు. ముందు నీరు లోపలికి చేరి ఆ గొలుసులను తుంచాలి. తునకలు తగినంత చిన్నవయ్యాకే బాక్టీరియా, శిలీంధ్రాలు వాటిని కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చగలవు.

నీరు చేసే ఈ మొదటి పనికి వేడి కావాలి. దాదాపు 55–60 డిగ్రీల సెల్సియస్ దిగువన పీఎల్‌ఏ గొలుసులు కదలకుండా బిగుసుకుని ఉంటాయి కాబట్టి, వాటిని నీరు తుంచడం చాలా నెమ్మదిగా సాగుతుంది. పైగా వేడి సాంబారులో ముంచినా వంగకుండా ఉండేందుకు చెంచా పీఎల్‌ఏను స్ఫటికీకరిస్తారు. స్ఫటిక భాగంలోకి నీరు చొరబడడం మరింత కష్టం. వాడేటప్పుడు మనకు నచ్చే గుణమే పారేశాక అడ్డంకి అవుతుందన్నమాట.

సూక్ష్మజీవులు తింటున్నప్పుడు వెలువడే వేడి కుప్ప మొత్తంలో పుడుతుంది, ఉపరితలం గుండా పోతుంది. అందుకే బాల్కనీలోని చిన్న మట్టి కుండీలో పుట్టిన వేడి ఎక్కువసేపు నిలవదు. హైదరాబాద్ మే నెల ఎండ తోడైనా వారాల తరబడి 58 డిగ్రీలు నిలుపుకోవడం దాని వల్ల కాదు. పారిశ్రామిక ఎరువు కేంద్రంలో మీటర్ల వెడల్పున పేర్చిన వ్యర్థాల వరుసలు తమ వేడిని తామే దాచుకుంటాయి. అక్కడ తేమను సరిచూస్తూ, గాలి ఆడేలా వరుసలను తిరగేస్తారు.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 దృష్టిలో పెట్టుకున్నది ఈ రెండో పరిస్థితినే. 12 వారాల తరువాత 2 మిల్లీమీటర్ల జల్లెడపై పరీక్షించిన వస్తువులో పదో వంతుకు మించి మిగలకూడదు. 6 నెలల్లోగా కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. కనుక ముద్ర అబద్ధం కాదు, దాని షరతే చెంచా మీద కనబడదు. పరీక్షించిన మందాన్ని మించిన వస్తువుకు ఆ ధ్రువీకరణ వర్తించదు కూడా.

కేంద్రానికి చేరినా చెంచా గతి ఖాయమేమీ కాదు. అమెరికాలోని ఒరెగాన్‌లో కొందరు ఎరువు తయారీదారులు 2019లో కంపోస్టబుల్ ప్యాకింగ్ తమకు వద్దని బహిరంగంగానే ప్రకటించారు: అన్నీ సమయానికి కుళ్లవు, మామూలు ప్లాస్టిక్ వాటిలో కలిసి వస్తుంది.

ఇళ్ల కోసమే వేరే ధ్రువీకరణలు ఉన్నాయి; అవి 20–30 డిగ్రీల వద్ద పరీక్షిస్తాయి. అయినా లండన్ యూనివర్సిటీ కాలేజీ 2022లో ప్రచురించిన పౌర ప్రయోగంలో, ఆ ముద్ర ఉన్న ప్లాస్టిక్‌లలో 60 శాతం ఇంటి కుప్పల్లో పూర్తిగా విచ్ఛిన్నం కాలేదు.

కుండీలో చెంచా కనబడకపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. పెళుసుబారి ముక్కలవడం వేరు, సూక్ష్మజీవుల ఆహారం కావడం వేరు. ఎరువును సన్నని జల్లెడ పడితే తెల్లని పలుకులు దొరకవచ్చు. వక్క పట్ట ప్లేటుకైతే ఈ చిక్కు లేదు: అందులోని సెల్యులోజును నేరుగా ఛేదించే ఎంజైములు శిలీంధ్రాల వద్ద ఉన్నాయి, వాటికి 58 డిగ్రీల వేడి అక్కర్లేదు.