నాలుక కింద మాత్ర: "ఇంకోటి వేసి చూద్దాం" అనే మాటతోనే అసలు ప్రమాదం

క్యాజువాలిటీలో ఛాతీ నొప్పి కేసు రాగానే మేం అడిగే మొదటి ప్రశ్న "నొప్పి ఎన్నింటికి మొదలైంది?" అని. పాత గుండె జబ్బు ఉన్నవాళ్ల ఇంట్లోంచి వచ్చే జవాబు మాత్రం గంటల్లో ఉండదు, మాత్రల్లో ఉంటుంది. "మొదటిది వేసినప్పుడు కొంచెం తగ్గింది సార్, రెండోదానికి మళ్లీ మొదలైంది, మూడోది వేశాక చెమటలు పట్టాయి, అప్పుడు బయల్దేరాం." ఆ మూడు మాత్రల మధ్య గడిచిన సమయం ఎంతో లెక్కేస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లని కోప్పడలేం. భయపడ్డ మనిషి చేతికి దొరికిన మందునే పట్టుకుంటాడు. కోపమంతా వాళ్లకి ఈ మాట చెప్పినవాళ్ల మీదే.

అపోహ: మాత్ర బ్లాకును కరిగిస్తుంది, ఓపిగ్గా వేస్తూ ఉంటే తగ్గిపోతుంది.

కరిగించదు. అమెరికాలో, ఇంగ్లండులో నాలుక కింద పెట్టుకునేది ఎక్కువగా నైట్రోగ్లిజరిన్. మన దగ్గర మందుల షాపులో ఎక్కువగా దొరికేది దాని తమ్ముడు ఐసోసార్బైడ్ డైనైట్రేట్, అంటే మీరందరూ సార్బిట్రేట్ అని పిలిచే 5 మిల్లీగ్రాముల బిళ్ళ. రెండూ చేసే పని ఒకటే. ఒంట్లోని సిరల్ని వదులు చేస్తాయి. దాంతో కొంత రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచి, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. గుండె మీద బరువు తగ్గితే దానికి కావాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. గుండె రక్తనాళాలు కూడా కాస్త వెడల్పవుతాయి. కానీ నాళంలో గడ్డకట్టి కూర్చున్న రక్తాన్ని ఈ మందు తాకను కూడా తాకదు. అందుకే గుండెపోటులో మాత్ర వేశాక నొప్పి కాస్త తగ్గి, లోపల కండరం మాత్రం చచ్చిపోతూనే ఉండొచ్చు.

అందుకని లెక్క ఇది. నొప్పి రాగానే కూర్చుని ఒక్క మాత్ర పెట్టుకోండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలకి నొప్పి తగ్గు ముఖం పట్టకపోయినా, ఇంకా పెరిగినా 108కి ఫోన్ చేయాలి. మూడు మాత్రలయ్యాక కాదు, మొదటిదాని తర్వాతే. ఫోన్ చేశాక, అంబులెన్స్ వచ్చేలోగా, కళ్లు తిరగకుండా ఉంటే అయిదు నిమిషాలకొకటి చొప్పున రెండోది, మూడోది వేయొచ్చు. మూడు దాటకూడదు. "మూడు వేసి చూసి అప్పుడు ఆసుపత్రికి" అన్నది పాతకాలం సలహా, ఇప్పటికీ కొన్ని చీటీల మీద అలాగే ఉంటోంది.

ఒక చిన్న మినహాయింపు ఉంది. మెట్లెక్కితే, నడిస్తే వచ్చే నొప్పి మీకు ఏళ్ల తరబడి అలవాటైనదే అయి, మొదటి మాత్రకే బాగా తగ్గితే, మీ డాక్టరు చెప్పినట్టు రెండోది, మూడోది వేసుకుని చూడొచ్చు. అప్పుడు కూడా పూర్తిగా పోకపోతే 108. ఇక కూర్చున్నప్పుడో నిద్రలోనో వచ్చిన నొప్పి, చల్లటి చెమటలతో వచ్చినది, ఆయాసంతోనో స్పృహ తప్పినట్టో వచ్చినది అయితే అయిదు నిమిషాల లెక్క కూడా లేదు. మాత్ర ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో.

ఒక కేసు చెబుతాను, ఆనవాళ్లు మార్చి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అంతకుముందు స్టెంటు వేయించుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి నొప్పితో మెలకువ వచ్చింది. మాత్ర పెట్టుకున్నారు, కొంచెం సర్దుకుంది, మళ్లీ పడుకున్నారు. అయిదుంపావుకి మళ్లీ, రెండో మాత్ర. చెమటలు చూసి భార్య ఫోన్ అందుకుంటే "అల్లుడికి చెప్పకు, కంగారు పడతాడు, గ్యాసే అయ్యుంటుంది" అన్నారట. అయిదూ నలభైకి మూడోది వేసుకుని వెంటనే బాత్రూంకి లేచారు. గడప దగ్గర పడిపోయారు, తలుపు చెక్కకి తల తగిలి నుదురు చీలింది.

మా దగ్గరికి వచ్చేసరికి ఏడైంది. బీపీ 80/50. ఈసీజీలో గుండె కింది గోడకి పోటు, కుడివైపు లీడ్లు పెట్టి చూస్తే కుడి జఠరికకి, అంటే గుండెలో కుడివైపు కింది గదికి కూడా తగిలింది. కుడి జఠరిక దెబ్బతిన్న గుండె, తిరిగొచ్చే రక్తం మీదే ఆధారపడి నడుస్తుంది. ఈ మాత్ర తగ్గించేది సరిగ్గా ఆ రక్తాన్నే. సెలైన్ ఎక్కించి బీపీ లేపగలిగాం. కానీ గడ్డ కరిగించే ఇంజెక్షన్ మా ఫ్రిజ్‌లో ఉండీ ఇవ్వలేకపోయాం. తలకి గట్టి దెబ్బ తగిలిన మనిషికి అది ఇస్తే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. యాంజియోప్లాస్టీ చేసే ఊరికి పంపాం, రెండు గంటల ప్రయాణం. బతికారు. గుండె పంపింగ్ మాత్రం సగానికి పైగా పడిపోయింది, ఇప్పుడు పాల ప్యాకెట్ తేవడానికి నడిచినా ఆయాసమే. నిద్రలో వచ్చిన నొప్పి కాబట్టి నాలుగున్నరకే ఫోన్ చేయాల్సిన కేసు. చేసుంటే ఐదున్నరకి ఆ ఇంజెక్షన్ ఒంట్లో ఉండేది, నుదుటి మీద గాయమూ ఉండేది కాదు.

ఆ పడిపోవడం గురించి ఇంకొక్క మాట. మాత్ర నిలబడి వేసుకోకండి. బీపీ దిగి కళ్లు తిరుగుతాయి. కుర్చీలో కూర్చుని పెట్టుకోండి, ఆ తర్వాత కాసేపు లేవకండి, బాత్రూంకైనా సరే. మింగకండి. మింగితే లివర్ దాన్ని చాలావరకు విరిచేస్తుంది, నాలుక కింద నుంచైతే నేరుగా రక్తంలోకి పోతుంది. నోరు ఎండిపోయి ఉంటే ముందు గుక్కెడు నీళ్లతో తడుపుకోండి, మాత్ర కరిగేదాకా మళ్లీ ఏమీ తాగకండి. స్ప్రే అయితే నాలుక కిందే కొట్టుకోవాలి, ఆస్తమా పంపులాగా లోపలికి పీల్చకూడదు. రోజూ పొద్దున మింగే నైట్రేట్ క్యాప్సూల్స్ వేరు, అవి నెమ్మదిగా విడుదలయ్యేవి. కంగారులో వాటిని నాలుక కింద పెట్టుకుని కూర్చున్నవాళ్లని చూశాను.

అపోహ: మాత్రకి తగ్గితే గుండెనొప్పి, తగ్గకపోతే గ్యాస్.

ఇది చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు, అందుకే ఎక్కువ చిరాకు. ఈ మందు అన్నవాహిక కండరాన్ని కూడా వదులు చేస్తుంది, కాబట్టి అక్కడి పట్టు కూడా తగ్గుతుంది. 2003లో అమెరికాలో 459 మంది ఛాతీ నొప్పి రోగుల మీద దీన్ని పరీక్షించారు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో 35 శాతం మందికి నైట్రోగ్లిజరిన్‌తో ఉపశమనం కలిగితే, లేనివాళ్లలో 41 శాతం మందికి కలిగింది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పాలి? తేల్చేది ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష. మాత్ర కాదు.

అపోహ: మాత్ర ఎక్కడ పెట్టినా మాత్రే.

నైట్రోగ్లిజరిన్ బిళ్ళ విషయంలో ఇది ఖరీదైన పొరపాటు. ఆ మందుకి ఆవిరయ్యే గుణం ఉంది. ప్లాస్టిక్‌లోకి, దూదిలోకి ఇంకిపోతుంది కూడా. అందుకే గోధుమరంగు గాజు సీసాలో, గట్టి మూతతో వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లు అక్కడి డాక్టరు రాసిన చిన్న సీసాతో వస్తుంటారు, 0.4 మిల్లీగ్రాములు, 25 బిళ్ళలు. ఒకావిడ వాటిని చక్కగా సోమ, మంగళ అని గళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, సీసా పారేశారు. నెలల తర్వాత అవసరం వచ్చింది, నాలుక కింద పెట్టుకుంటే సుద్దముక్కే. "మందు పని చేయలేదు, అంటే గుండెది కాదేమో" అని ఇంకో గంట ఆగారు, చూశారా ఒక అపోహ ఇంకోదాన్ని ఎలా మోస్తుందో.

సీసాలోనే ఉంచండి, దూది పెట్టకండి, తీసుకోగానే మూత బిగించండి. సీసా తెరిచిన తేదీ దాని మీద రాయండి. ఎన్నాళ్లు వాడొచ్చో కంపెనీని బట్టి మారుతుంది, షాపులో అడిగి అది కూడా రాయండి. చొక్కా జేబులో ఒంటి వేడికి, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డులో, వంటింటి గట్టు మీద వద్దు. ఫ్రిజ్ కూడా వద్దు, తేమ పడుతుంది. నాలుక చురుక్కుమనడం లేదంటే మందు పోయినట్టే అంటారు, ఆ పరీక్షని నమ్మకండి, తేదీని నమ్మండి. మన ఐసోసార్బైడ్ బిళ్ళ ఇంత సున్నితం కాదు, కానీ దాన్నీ స్ట్రిప్‌లోనే ఉంచండి. కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ ఉన్న ముక్కని పారేయకండి.

అపోహ: ఎవరికి ఛాతీ నొప్పి వచ్చినా ఒకటి పెట్టేయొచ్చు.

వాట్సాప్‌లో తిరిగే "ఇంటింటికీ హార్ట్ కిట్" సలహా ఇదే. పైన చెప్పిన కుడి జఠరిక కేసుని గుర్తు చేసుకోండి. పక్కింటాయనకి అదే అయితే మీరు పెట్టిన మాత్రకి ఆయన బీపీ పడిపోతుంది. డాక్టరు రాయనివాళ్లకి పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. ఆస్ప్రిన్ సంగతి వేరు. అలర్జీ, కడుపులో పుండ్లు, రక్తస్రావం లేనివాళ్లయితే 300 మిల్లీగ్రాములు నమలమని ఫోన్‌లోనే చెప్పొచ్చు.

ఇంకొకటి, ఎవరూ నోరు విప్పనిది. మగతనం మాత్రలు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో ఈ మందు పడకూడదు, బీపీ ప్రాణాంతకంగా పడిపోవచ్చు. భార్య ముందు చెప్పడానికి సిగ్గయితే "ఒక్క నిమిషం మీతో మాట్లాడాలి" అనండి, మాకు అర్థమవుతుంది. మేం ఎవరికీ చెప్పం.

మిగతావి గబగబా. అలవాటు పడిపోతుందని నొప్పి ఓర్చుకోవద్దు, ఇది మత్తుమందు కాదు. తలనొప్పి వస్తుంది, మందు పనిచేసేదే అలా. డైనమైట్‌లో వాడే పదార్థమే అన్నది నిజమే, మీ సీసా పేలదు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్నది అబద్ధం.

108కి ఫోన్ చేసినప్పుడు ముందుగా "గుండె జబ్బు మనిషి, ఛాతీ నొప్పి, మాత్రకి తగ్గలేదు" అనండి, తర్వాత ఊరు, వీధి, దగ్గర్లోని గుడో స్కూలో. ఎన్నింటికి ఎన్ని మాత్రలు వేశారో కాగితం మీద రాసి, పాత ఈసీజీతో పాటు ఇవ్వండి. బండి మీద వెనకాల కూర్చోబెట్టుకుని రావద్దు. అంబులెన్స్ ఆలస్యమవుతుందని వాళ్లే చెబితే కారులో రండి, రోగి చేతికి స్టీరింగ్ ఇవ్వకండి. దగ్గర్లో ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కుని, దాని ఫోన్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో వేయండి.