బేరం లేని నెలకు ముందు గిఫ్ట్ కార్డులు: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో చిన్న వ్యాపారాల లెక్కలు రాయడం నా పని. పార్లర్లు, ఫొటో స్టూడియోలు, టెంట్ హౌసులు, టైలర్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. పెళ్లిళ్లున్నంత కాలం వీళ్లకు ఊపిరాడదు, ఆషాఢం వస్తే కుర్చీలు ఖాళీ. అందుకే జూన్ మొదలయ్యేసరికి అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడం, గిఫ్ట్ కార్డులేసి ముందే డబ్బులు తీసుకుంటే ఎట్లుంటుంది?" తీసుకోవచ్చు. నేనే కొందరితో చేయించాను. కానీ ఆ డబ్బు గురించి తప్పుగా అనుకుని నష్టపోయినవాళ్లను దగ్గర్నుంచి చూశాను. అందులో ఒక బ్యూటీ పార్లర్ లెక్క ఇక్కడ విప్పి చెబుతాను. ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది.

అపోహ: కార్డు అమ్మితే వచ్చింది ఈ నెల ఆదాయమే

ఆ పార్లర్‌లో మూడు కుర్చీలు, ఆమె కాక ఇద్దరు పనివాళ్లు. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు కంతు కలిపి నెలకు 56,000 కచ్చితంగా బయటికి పోతుంది. ఇంటి ఖర్చుకు ఆమె తీసుకునేది 25,000. ఆషాఢంలో వచ్చేది 55,000 దాకా. అందులో క్రీములు, వ్యాక్స్, కలర్ లాంటి సరుకుకే ఐదో వంతు, అంటే 11,000 పోతుంది. అన్నీ తీసేస్తే ఆ నెల 37,000 లోటు.

2024లో మే, జూన్ నెలల్లో మూఢం వల్ల ముహూర్తాలు లేవు. ఆ వెంటనే జూలై 6న ఆషాఢం మొదలైంది. దాచుకున్నది అప్పటికే అయిపోవడంతో, జూన్ చివర్లో ఆమె కార్డులు వేసింది. వెయ్యి కడితే 1,300 రూపాయల సర్వీసు. పది రోజుల్లో 80 కార్డులు అమ్ముడుపోయాయి. "ఎనభై వేలొచ్చినాయి మేడం, ఈసారి ఆషాఢం గట్టెక్కినట్టే" అని సంతోషంగా ఫోన్ చేసింది.

ఆ 80,000లో 37,000 లోటుకు సరిపోయింది. 13,000 సరుకు ఏజెన్సీ పాత బాకీకి పోయింది. మిగిలిన 30,000తో కొత్త కుర్చీ కొనింది. చేతిలో డబ్బుంది కాబట్టి కొనింది. అయితే ఆ డబ్బు ఆమెది కాదు. 1,04,000 రూపాయల పని చేసి తీర్చాల్సిన బాకీ అది.

వాస్తవమేమిటంటే, కార్డు అమ్మిన రోజు వచ్చేది అప్పు. దాన్ని తీర్చేది పనితో. ఎప్పుడు తీర్చాలో నిర్ణయించేది మాత్రం కార్డు చేతిలో ఉన్నావిడ. ఆషాఢం అయిపోయేలోపు తిరిగొచ్చినవి 14 కార్డులే. ఆ నెలలో కుర్చీలు ఎప్పటిలాగే ఖాళీ. శ్రావణం రాగానే, ఆగస్టు 16 వరలక్ష్మీ వ్రతానికి ముందు పది రోజుల్లో 40 కార్డులొచ్చాయి. ఏడాదిలో డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లు ఎక్కువగా వచ్చే రోజులే అవి. ఆ నలభై మందికి 52,000 రూపాయల పని చేస్తే గల్లాపెట్టెలో రూపాయి పడలేదు, సరుకుకు మాత్రం పది వేలు పైన ఖర్చయింది. కుర్చీలు ఖాళీ లేక డబ్బులిచ్చేవాళ్లు పక్క వీధికి వెళ్లిపోయారు. చివరికి ఆమె మెడలో గొలుసు కుదువ పెట్టి ఆగస్టు జీతాలిచ్చింది.

ఇలాంటిది జరగబోతోందని ముందే తెలుసుకోవడానికి ఒక పట్టీ చాలు. కార్డుకు నంబరు వేయండి. అమ్మిన తేదీ, కొన్నావిడ పేరు, వాడిన మొత్తం, మిగిలిన మొత్తం నోటుబుక్కులో రాయండి. ప్రతి శనివారం మిగిలినవన్నీ కూడండి. ఆ మొత్తం మీ బ్యాంకులో ఉన్నదానికంటే ఎన్నో రెట్లుంటే, వచ్చే నెల మీ పనంతా ముందే ఖర్చు పెట్టేశారన్నమాట.

అపోహ: మూడొందలు ఎక్కువిస్తే పోయేదేముంది, నా చేతి పనే కదా

ఈ మాట ప్రతి పార్లర్‌లోనూ విన్నాను. కార్డు కొన్నది ఎవరన్నదాన్ని బట్టి ఇది నిజమో కాదో తేలుతుంది.

మేమిద్దరం ఆ 80 ఫోన్ నంబర్లను పాత బుకింగ్ పుస్తకంతో సరిచూశాం. అరవై మంది ఎప్పుడూ వచ్చేవాళ్లే. కార్డు లేకున్నా ఆ ఫేషియల్, ఆ త్రెడింగ్ పూర్తి డబ్బిచ్చి చేయించుకునేవాళ్లే. వీళ్ల దగ్గర 78,000 రావలసిన చోట 60,000 వచ్చింది. అంటే 60,000 సుమారు రెండు నెలల ముందు తీసుకున్నందుకు 18,000 వదులుకుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి పదిహేను రూపాయల వడ్డీ. బంగారం మీద బ్యాంకులో తెచ్చుకుంటే నూటికి రూపాయి చుట్టూ పడుతుంది. కంతు ఫైనాన్స్ వాళ్లు కూడా ఇంత వడ్డీకి ఇవ్వరు. ఎప్పుడూ వచ్చేవాళ్లలో కొందరు ఆ మూడొందలతో మామూలుగా చేయించుకోనిది ఏదో చేయించుకుని ఉంటారు. అక్కడ పోయింది సరుకు ఖర్చే. దాన్ని తీసేసినా వడ్డీ భారమే.

మిగిలిన ఇరవై మంది కొత్తవాళ్లు. వాళ్ల విషయంలో ఆమె మాట సరైనదే. మూడొందల పనికి సరుకు అరవై రూపాయలు, మిగతాది ఖాళీ కుర్చీలో చేతి పని. కొత్త మనిషిని తెచ్చుకోవడానికి అది చవకే.

అందుకని 2025లో కార్డును మార్చాం. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట ఉండదు, పుట్టింటికొస్తుంది. గోరింటాకు పెట్టుకునే నెల కూడా అదే. కాబట్టి పుట్టింటికొచ్చిన కూతురికి అమ్మ కొనిచ్చే కార్డుగా వేశాం. వెయ్యికి వెయ్యి రూపాయల సర్వీసే. పైన ఇచ్చేది రెండు చేతులకూ గోరింటాకు, అది కూడా ఆషాఢంలో సోమవారం నుంచి గురువారం లోపు వస్తేనే. ఆకు రుబ్బి పెట్టడానికి ఖర్చు కొద్దిగానే, పనివాళ్లకు తీరిక ఎలాగూ ఉంది. కార్డులు 38 దగ్గర ఆపేశాం, లోటు 37,000 కాబట్టి. ఇంకా అడిగినవాళ్లున్నా ఇవ్వలేదు. ప్రతి వెయ్యిలో రెండొందలు సరుకు కోసం వేరే ఖాతాలో వేసి, ఎనిమిదొందలే ఖర్చుకు వాడుకోమన్నాను. అంటే చేతికొచ్చింది 30,000 పైచిలుకు. మిగిలిన ఆరేడు వేలకు ఆమె ఇంటి ఖర్చు తగ్గించుకుంది.

జూలై 24తో ఆషాఢం ముగిసేసరికి 27 కార్డులు వాడేశారు. ఆగస్టు 8 వ్రతం వారంలో కార్డుతో వచ్చింది ముగ్గురే.

అపోహ: వాడని కార్డులు మనకు మిగులు, గడువు తక్కువ పెడితే మంచిది

పెద్ద నగరాల మాల్స్‌లో ఏమోగానీ, బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో వీధి చివర పార్లర్‌కు ఇది నప్పదు. ఆమె మీ ఇంటి పక్కావిడో, మీ పాప స్కూల్లో చదివే పిల్ల తల్లో అయి ఉంటుంది. కట్టిన వెయ్యి గడువు పేరుతో పోతే ఆమె ఒక్కతే కాదు, పదిమందిని వెంటబెట్టుకుని పోతుంది. కట్టిన సొమ్ముకు ఏడాది గడువివ్వండి. ఉచితంగా ఇచ్చేదానికే చిన్న గడువు పెట్టండి. జనాన్ని ఆషాఢంలోకి రప్పించేది ఆ రెండో గడువే. రెండూ కార్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

అపోహ: అడ్వాన్స్ బుకింగ్‌లో ఎంత ఎక్కువ తీసుకుంటే అంత మేలు

శ్రావణం ముహూర్తాలకు పెళ్లికూతురు మేకప్ బుకింగులు ఆషాఢంలోనే వస్తాయి. కార్డుల కంటే నాకు ఇవే నచ్చుతాయి. ఎందుకంటే తేదీ ముందే తెలుసు, ఏ రోజు ఎంత పనుందో కనబడుతుంది. కానీ కొందరు "ఇప్పుడే మొత్తం కడితే 15,000 ప్యాకేజీ 12,000కే" అంటారు. ఆ 12,000 ఆషాఢం అద్దెలోకి, జీతాల్లోకి కరిగిపోతుంది. పెళ్లి రోజున సహాయకురాలి కూలి, పూలు, సరుకు, తెల్లవారుజామున ఆటో, అన్నీ కలిసి ఆరు వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. వచ్చేది సున్నా. అలాంటి పెళ్లిళ్లు వారంలో నాలుగుంటే శ్రావణంలోనే అప్పు చేయాల్సి వస్తుంది.

నేను చెప్పే కొలత ఒకటే. పెళ్లి రోజున రావలసిన బాకీ, ఆ రోజు ఖర్చుకూ ఆ రోజు మీ కూలికీ సరిపోవాలి. 15,000 ప్యాకేజీకి 5,000 అడ్వాన్స్ తీసుకుంటే, పెళ్లి రోజున 10,000 వస్తుంది. ఆరు ఖర్చులకు పోయినా నాలుగు మిగులుతుంది. ధర తగ్గించాల్సిన అవసరమూ లేదు. మంచి ముహూర్తం రోజున ఆమె దొరకడమే వాళ్లకు కావలసింది.

పెళ్లి వాయిదా పడితే ఏం చేస్తారో రసీదు మీదే రాయండి. ఇంట్లో మైల వస్తుంది, సంబంధం తప్పిపోతుంది, ఇవి జరిగేవే. తేదీ ఒకసారి మార్చుకోవచ్చు, ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగిస్తాం అన్న రెండు వాక్యాలు చాలు. తిరిగివ్వాల్సిన డబ్బును ఆలస్యం చేయకండి. సర్వీసు కోసం తీసుకున్న అడ్వాన్స్ మామూలుగా డిపాజిట్ కాదు. కానీ 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ప్రకారం, అది తిరిగివ్వాల్సిన తేదీ దాటి 15 రోజులు గడిస్తే డిపాజిట్ కిందికే వస్తుంది. అక్కడి నుంచి విషయం చాలా పెద్దదవుతుంది.

అపోహ: వీధిలో నలుగురం కలిసి ఒకే కార్డు వేయొచ్చు

పార్లర్, చీరల షాపు, ఫొటో స్టూడియో, టైలర్ కలిసి "పెళ్లి కార్డు" వేద్దామని పోయినేడు ఒక బృందం వచ్చింది. ఆలోచన బాగుంది, నేనే వద్దన్నాను. మీ షాపు కార్డు మీ షాపులోనే చెల్లి, నగదుగా మారకుండా ఉంటే రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. ఒకరు అమ్మిన కార్డు వేరే యజమాని షాపులో చెల్లిందంటే అది చెల్లింపు సాధనం అవుతుంది, దానికి అనుమతి కావాలి. ఎవరి కార్డు వాళ్లు వేసుకుని, ఒకరి కార్డులు ఇంకొకరి కౌంటర్ మీద పెట్టుకోమన్నాను.

అపోహ: కార్డు అమ్మిన రోజే జీఎస్టీ కట్టాలి, లేదా అసలు కట్టక్కర్లేదు

సర్వీసు వ్యాపారం ఏడాదికి 20 లక్షల లోపుంటే, రిజిస్టర్ కానివాళ్లకు ఈ గొడవే లేదు. రిజిస్టర్ అయినవాళ్లు రెండింటినీ వేరుగా చూడాలి. ఫలానా తేదీ మేకప్‌కని అడ్వాన్స్ తీసుకుంటే, సర్వీసు కాబట్టి ఆ అడ్వాన్స్ మీద తీసుకున్న నెలలోనే పన్ను పడుతుంది. రిసీట్ వోచర్ ఇవ్వాలి, డబ్బు తిరిగిస్తే రిఫండ్ వోచర్ ఇవ్వాలి. ఏ సర్వీసుకైనా వాడుకునే వెయ్యి రూపాయల కార్డయితే, వోచర్ అమ్మకం దానికదే పన్ను పడే సరఫరా కాదని 2024 డిసెంబర్ 31న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. కార్డు వాడుకుని సర్వీసు చేయించుకున్నప్పుడు పన్ను పడుతుంది. పార్లర్ సర్వీసులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి రేటు 5 శాతం, సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కాబట్టి కార్డులకూ అడ్వాన్సులకూ ఒకే రసీదు పుస్తకం వాడకండి. రెండూ కలిసిపోతే ఏది ఏ నెలలో చూపించాలో తర్వాత మీకూ తెలియదు, మీ లెక్కలు రాసేవాళ్లకూ తెలియదు.